వారానికో పావుగంట ఫోను



తెల్లవారుజామున మూడింటికి వేటకు బయల్దేరే ఇంట్లో సెల్‌ఫోను ఎక్కడుంటుందో మీకు తెలుసా? ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, పడవలో ఉంటుంది. చీరాలకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో వాడరేవు ఒడ్డున నిలబడి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. గాలి మారితే ఒడ్డు నుంచి కబురు రావాలి, చేప పడితే బేరగాడికి కబురు పోవాలి. కాబట్టి ఫోను తండ్రితోపాటు సముద్రంలోకి వెళ్తుంది. ఆయన ఒడ్డుకొచ్చి, వల దులిపి, చేప అమ్మి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆ ఇంటి పిల్లవాడికి పొద్దున తొమ్మిదింటికి ఆన్‌లైన్ క్లాసు పెడితే ఏమవుతుంది? పిల్లవాడు ఒడ్డున, క్లాసు నడిసముద్రాన.

కాస్త లోపలికి, గుంటూరు వైపు రండి. అక్కడ మిరప కోతల రోజుల్లో తల్లి పొద్దున్నే అన్నం మూటగట్టుకుని ముఠాతో ఆటో ఎక్కుతుంది. ఫోను ఆమె కొంగు ముడిలో ఉంటుంది, మేస్త్రి ఎప్పుడు పిలుస్తాడో తెలియదు కదా. పత్తి తీసే రోజుల్లోనూ అంతే. మన ప్రాంతంలో ఫోను లేని ఇళ్లు తక్కువ. పగటిపూట ఫోను ఇంట్లో ఉండే ఇళ్లు ఇంకా తక్కువ. బడి దీర్ఘకాలం మూతపడితే చదువు ఎలా సాగించాలన్న ప్రణాళిక ఈ రెండో లెక్కతో మొదలవ్వాలని నేను చెప్పబోతున్నాను.

ముందు ఒకసారి వెనక్కి చూద్దాం. 2020 మార్చి 19న మన రాష్ట్రంలో బడులు మూశారు. పెద్ద తరగతులు నవంబరులో తెరిచారు కానీ, ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలు 2021 ఫిబ్రవరి 1న గాని బడి ముఖం చూడలేదు. ఏప్రిల్ 20న మళ్లీ మూత. ఆగస్టు 16న తిరిగి తెరిచారు. అంటే మొదటి మూత నాటికి ఒకటో తరగతిలో ఉన్న పాప, ఈ పదిహేడు నెలల్లో బడికి వెళ్లింది సుమారు పదకొండు వారాలు. ఆగస్టులో ఆమెను మూడో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టాం.

ఆ మధ్యకాలంలో ఏమీ చేయలేదని నేననను. పదో తరగతి వాళ్లకు దూరదర్శన్‌లో విద్యామృతం, ఆకాశవాణిలో విద్యాకలశం అని పాఠాలు నడిచాయి. 2020 జూన్‌లో సప్తగిరి ఛానల్‌లో విద్యా వారధి మొదలైంది. విద్యాశాఖ పిల్లల్ని మూడు రకాలుగా విడదీసింది: నెట్ ఉన్నవాళ్లు హైటెక్, టీవీయో రేడియోయో ఉన్నవాళ్లు లోటెక్, ఏమీ లేనివాళ్లు నోటెక్. ఈ విభజన మంచిదే. అయితే ఒకే ఇల్లు పొద్దున నోటెక్, సాయంత్రం హైటెక్ అవుతుందనీ, రీచార్జి అయిపోయిన నాడు మళ్లీ నోటెక్ అవుతుందనీ ఆ గడులు పట్టించుకోలేదు.

ఇక నా సంగతి. నేనప్పుడు ఈ చుట్టుపక్కలే ఒక బడిలో టీచర్ని. ఉత్సాహంగా వాట్సాప్ గ్రూపు పెట్టాను. రోజూ పొద్దున ఒక వీడియో, సాయంత్రం ఒక హోంవర్కు. బొటనవేళ్లు, దండాలు పెట్టే బొమ్మలు వరసగా వచ్చేవి. బాగా నడుస్తోందనుకున్నాను. రెండు నెలల తర్వాత మాస్కు కట్టుకుని ఒక ఇంటికి వెళితే, నాలుగో తరగతి పిల్లవాడు అడిగాడు, "ఏం వీడియోలు సార్?" అని. దండం బొమ్మ పెట్టేది వాళ్ల మేనమామ. ఫోను ఆయనది, ఆయన ఉండేది ఒంగోల్లో. నేను రెండు నెలలుగా ఒంగోల్లో ఉన్న మేనమామకు భిన్నాలు చెబుతున్నానన్నమాట.

కనుక మొదటి పని, బడి తెరిచి ఉండగానే చేయాల్సిన పని, ఫోన్ల లెక్క. "స్మార్ట్‌ఫోన్ ఉందా" అని అడగకూడదు. ఆ ప్రశ్నకు అందరూ ఉందనే అంటారు, లేదనడం ఎవరికైనా చిన్నతనం. అడగాల్సింది వేరు. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? ఏ వేళకు ఇంటికి వస్తుంది? ఆ ఒక్క ఫోనుకు ఎంతమంది పిల్లలు? పోయిన నెల రీచార్జి ఎన్నాళ్లు ఆగింది? ఆ నంబరు పలక్కపోతే పక్కింట్లో ఎవరికి చేయాలి? అడిగిన నంబరుకు అక్కడే నిలబడి మిస్డ్ కాల్ ఇచ్చి చూడాలి. రిజిస్టర్లలోని నంబర్లలో చాలావాటికి ఎప్పుడో సిమ్ము మారిపోయి ఉంటుంది. ఈ లెక్క ఏడాదికొకసారి చాలదు. మన వైపు వేటకు, కోతలకు, వలసలకు వేళలు మారతాయి కాబట్టి మూడు నెలలకొకసారి తిరగరాయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. ఆ రెండు నెలలూ వాడరేవులో తండ్రులు, ఫోన్లు ఒడ్డునే ఉంటాయి. నవంబరులో చేసిన లెక్క మేలో పనికిరాదు, మేలో చేసింది నవంబరులో పనికిరాదు.

ఇంకొక మాట. ఈ లెక్క రెండు ప్రతులు రాయాలి. 2020లో ఎన్నో బడుల్ని క్వారంటైన్ కేంద్రాలు చేశారు, తుఫాను వస్తే బడే పునరావాస కేంద్రం. రిజిస్టర్లు లోపల బీరువాలో, టీచరు బయట గేటు దగ్గర. ఒక ప్రతి హెడ్మాస్టరు ఇంట్లో ఉండి తీరాలి.

ఇప్పుడొక బడిని ఊహించుకుని లెక్క వేద్దాం. వాడరేవు లాంటి ఊళ్లో ప్రాథమిక పాఠశాల, పిల్లలు 60 మంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు. లెక్క తీస్తే, పగలంతా ఇంట్లో ఫోనూ నెట్టూ ఉన్న పిల్లలు 11 మంది, సాయంత్రం మాత్రమే ఫోను వచ్చే ఇళ్ల పిల్లలు 26 మంది, బటన్ల ఫోనే ఉన్నవాళ్లు 15 మంది, ఏ ఫోనూ అందనివాళ్లు 8 మంది తేలారనుకుందాం. మామూలుగా మనం ఆ 11 మందిని చూసి ప్రణాళిక వేసి, మిగతావాళ్లకు "ప్రత్యామ్నాయం" అని ఒక పేరా రాస్తాం. నేను దాన్ని తిరగేసి, ఆ 8 మందికీ అందే వస్తువు ఏమిటని ముందు అడుగుతాను. కాగితం. అది మొత్తం 60 మందికీ అందుతుంది. ఆ తర్వాత 52 మందికి అందేది ఏమిటి? మామూలు ఫోను కాల్. నెట్ అక్కర్లేదు, బటన్ల ఫోనైనా చాలు. మన ప్రణాళికకు ఈ రెండే కాళ్లు. వీడియోలు, యాప్‌లు ఆ పైన వేసే ఉత్తరీయం లాంటివి, ఉంటే మంచిదే.

కాగితం సంగతి చూద్దాం. ఒక్కో పిల్లవాడికి వారానికి నాలుగు పేజీలు, రెండు వైపులా వేస్తే రెండు కాగితాలు. 60 మందికి 120 కాగితాలు. 500 కాగితాల రీము ఒకటి తెస్తే నాలుగు వారాలు వస్తుంది. సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటులో ఇది పెద్ద ఖర్చు కాదు. చిక్కు ఎక్కడంటే, లాక్‌డౌన్ పెట్టిన నాడు జిరాక్సు షాపు కూడా మూసేస్తారు. అందుకని మొదటి నాలుగు వారాల కాగితాలు ముందే వేసి, పిల్లవాడి పేరు రాసిన కవర్లలో పెట్టి ఉంచాలి. మూసిన మర్నాడే మొదటి కవరు ఇంటికి వెళ్లాలి. ఆ నాలుగు వారాల్లో తర్వాతి నెలవి తయారు చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

తరగతికి ఒకటి చొప్పున ఐదు రకాలు వేయాల్సిన పని లేదు. మూడు మెట్లు చాలు: అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు, మాటలు కూడబలుక్కునేవాళ్లు, పేరా చదవగలిగేవాళ్లు. నాలుగో తరగతిలో ఉన్నా అక్షరాల దగ్గరే ఉంటే వాడికి అక్షరాల కాగితమే. ఒక పేజీలో చిన్న పాఠం, పెద్ద అక్షరాల్లో, ఎనిమిది పది వాక్యాలు. ఒక పేజీలో లెక్కలు. ఒక పేజీలో ఇంట్లో చేసే పని. చివరి పేజీ రాయడానికి. ఇంట్లో చేసే పని అంటే యూట్యూబ్‌లో చూపించే కాగితం పడవలు కాదండీ. మిరప టిక్కీ ఒకటి 40 కిలోలైతే ట్రాక్టరు మీద ఉన్న టిక్కీలు లెక్కపెట్టి మొత్తం బరువు చెప్పు అనాలి. అమ్మ తెచ్చిన చేపల్లో కిలోకు ఎన్ని తూగాయో నాన్నను అడిగి రాయి అనాలి. పక్కన చదువుకున్న పెద్దవాళ్లు లేకపోయినా పిల్లవాడికి అర్థమయ్యేలా సూచన ఉండాలి. దీన్ని పరీక్షించే పద్ధతి సులువు. ఆ కాగితం ఒక పిల్లకిచ్చి, మీరు నోరు విప్పకుండా పది నిమిషాలు కూర్చోండి. "ఏం చేయాలి సార్" అని అడిగిందంటే తప్పు కాగితంలో ఉంది.

ఈ కవరు ఇంటింటికీ ఎవరు చేర్చాలి? దీనికి సమాధానం 2020లోనే మన కళ్ల ముందుంది. బడులు మూసినా మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్లకు చేరాయి. ఒక సంచి ప్రతి ఇంటికీ వెళ్లే దారి అప్పటికే ఉంది. ఆ సంచిలో రెండు కాగితాలు పడేస్తే పోయేది. చాలాచోట్ల బియ్యం వెళ్లింది, పాఠం వెళ్లలేదు. ఎందుకంటే బియ్యం లెక్క ఒక రిజిస్టరులో, పాఠం లెక్క మరొక రిజిస్టరులో ఉంటాయి. ఈసారి ఆ సంచిలోనే కవరు, తిరుగు ప్రయాణంలో పోయిన విడత నింపిన కాగితాలు. బియ్యం సంచి వారంవారం రాకపోతే రేషన్ షాపు, అంగన్‌వాడీ, సచివాలయం వీటిలో ఏదో ఒక చోట పెట్టె ఉంచాలి.

ఇక ఫోను. వారానికొకసారి, ప్రతి పిల్లవాడితో, పదిహేను నిమిషాలు. ఇది నా ఊహ కాదు. 2020లో ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో సుమారు 4,500 కుటుంబాలతో పరీక్షించి చూశారు. కొందరికి వారం వారం లెక్కలు మెసేజీగా పంపారు. కొందరికి మెసేజీ పంపి, ఆపైన వారానికొకసారి బోధకులు మామూలు ఫోనులో పావుగంట, ఇరవై నిమిషాలు మాట్లాడారు. మెసేజీ ఒక్కటే వెళ్లిన పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మాట్లాడిన పిల్లలు కూడికలు, తీసివేతల్లో స్పష్టంగా ముందుకొచ్చారు. నా వాట్సాప్ గ్రూపు ఎందుకు పని చేయలేదో 2022లో ఆ ఫలితాలు చదివాక నాకు అర్థమైంది.

మన లెక్కకొద్దాం. ఒక్కో టీచరుకు 30 మంది. రోజుకు ఐదుగురు చొప్పున ఆరు రోజులు. ఐదు పావుగంటలు అంటే గంటంబావు, పలకని కాల్స్ కలుపుకుంటే గంటన్నర. చేయలేని పని కాదు. కానీ అది సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది మధ్య చేయాలి. టీచర్లు పగలు పది నుంచి నాలుగు దాకా బడిలో సంతకం పెట్టాలంటూనే సాయంత్రం ఫోన్లు కూడా చేయమంటే రెండూ జరగవు. ఈ వేళల మార్పు మండల విద్యాధికారి ముందుగానే కాగితం మీద పెట్టాలి. ప్రణాళికలో అన్నిటికంటే కష్టమైన వాక్యం ఇదే.

ఆ పావుగంటలో ఏం మాట్లాడాలి? స్పీకరు పెట్టించి, తల్లినో అక్కనో పక్కన కూర్చోమనాలి. కాగితం అందిందా అని ఒక్క మాట. ఆ తర్వాత పాఠం చదవమనాలి. కాగితంలోది వారమంతా విని ఉంటాడు కాబట్టి బట్టీ పట్టి అప్పజెప్పవచ్చు. అందుకని పాఠ్యపుస్తకం తీయించి, ఎప్పుడూ చదవని పేజీలో మూడు వాక్యాలు చదివించాలి. తడబడితే ఎక్కడ తడబడ్డాడో, ఒత్తు దగ్గరా గుణింతం దగ్గరా అన్నది నోటుబుక్కులో రాసుకోవాలి. ఆపైన ఒక్క లెక్క. 52లో నుంచి 27 తీసెయ్ అనండి. 25 అంటే సరే. 35 అన్నాడనుకోండి, వాడికి తీసివేత రాదని కాదు. 2లో నుంచి 7 పోదు కాబట్టి 7లో నుంచే 2 తీసేశాడు, పదిని అప్పు తెచ్చుకోవడం రాదు. అప్పుడు పది అగ్గిపుల్లల కట్టలు ఐదు, విడివి రెండు పెట్టుకోమని, ఒక కట్ట విప్పించి అక్కడికక్కడే చేయించాలి. టీవీ పాఠం ఎంత బాగున్నా ఆ 35 దానికి వినపడదు. విద్యా వారధికీ ఫోనుకూ తేడా అక్కడుంది. టీవీలో పాఠం ఉన్న వారం, దాన్ని చూసి ఒక ప్రశ్నకు జవాబు తెచ్చుకోమని ఫోనులో చెప్పవచ్చు. రేడియోలో అయితే కథలు, భాష చక్కగా పండుతాయి కానీ తీసివేతలు వినిపించడం కష్టం. రేడియోలో మాట్లాడుతూ ఈ మాట అంటున్నందుకు స్టేషన్ వారు మన్నించాలి.

రీచార్జి విషయం ఒకటుంది. ప్లాను గడువు దాటితే డేటాయే కాదు, కొన్నాళ్లకు బయటి నుంచి వచ్చే కాల్ కూడా ఆగిపోతుంది. పనులు లేని రోజుల్లో మొదట ఆపేసే ఖర్చు అదే. వరసగా రెండు వారాలు నంబరు పలక్కపోతే ముందు అనుమానించాల్సింది దాన్ని. పక్కింటి నంబరు అందుకే.

పక్కింటి నంబరూ పలక్క, నింపిన కాగితాలూ తిరిగి రాక మూడో వారం వచ్చిందంటే టీచరు చెప్పులేసుకోవాల్సిందే. నా అనుభవంలో ఆ మూడో వారం పిల్లవాడు ఇంట్లో ఉండడు. పత్తి చేలో ఉంటాడు, లేదంటే చీరాలలో ఎవరి మగ్గం దగ్గరో ఉంటాడు. ఆడపిల్ల అయితే పెళ్లిమాటలు నడుస్తుంటాయి. మూడో వారంలో వెళ్తే వెనక్కి తేవచ్చు. మూడో నెలలో వెళ్లిన ఇళ్లు నాకు తెలుసు, ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

తిరిగొచ్చిన కాగితాలు కూడా మాట్లాడతాయి. అన్నీ సరైన జవాబులే, గుండ్రటి దస్తూరి అయితే అక్క రాసిందన్నమాట. ఫోనులో అడిగితే తేలిపోతుంది, తిట్టాల్సిన పని లేదు. అక్క అంత బాగా రాస్తోందంటే ఆమెనే తమ్ముడికి చదివించమని చెప్పవచ్చు. ఇరవై మంది ఒకే లెక్క దగ్గర ఖాళీ వదిలేస్తే పిల్లలకు రాక కాదు, ఆ లెక్క మనం సరిగా చెప్పక.

మిగిలిన ఆ 8 మంది సంగతి. వీళ్లకు ఫోను కొనివ్వడం మన ప్రణాళికలో లేదు. బడి మూసింది అంటువ్యాధి వల్లయితే, ఆ వీధిలోనే ఇంటర్మీడియట్‌ చదివే పిల్లనో పిల్లవాడినో చూసి, వాళ్ల ఫోను వారానికొక పావుగంట అరువు అడగాలి. వీధి మొదట్లో నిలబడి మాట్లాడే వీలుంటే టీచరే వెళ్లాలి. జార్ఖండ్‌లో దుమ్కా జిల్లా డుమర్‌థర్ అనే ఊళ్లో ఇళ్ల గోడల మీద నల్లబల్లలు గీసి, దూరదూరంగా పిల్లల్ని కూర్చోబెట్టి మైకులో పాఠం చెప్పారు. మట్టిగోడ, సున్నపుగోడ ఏదైనా మన ఊళ్లలోనూ ఉన్నదే. తుఫానైతే లెక్క వేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు కరెంటు పోతుంది, టవర్లు పోతాయి, 52 మంది కూడా ఆ 8 మందితో కలిసిపోతారు. కానీ మనుషులు దగ్గర దగ్గరగా కూర్చోవచ్చు. అప్పుడు కాగితమూ, షెల్టరు అరుగూ మాత్రమే. బడి ఎందుకు మూతపడింది అన్నదాన్ని బట్టి ఏ కాలు విరుగుతుందో ప్రణాళికలో ముందే రాసుకోవాలి.

చివరగా తెరిచే రోజు. 2021 ఆగస్టులో మనం చేసిన పెద్ద పొరపాటు మూడో తరగతి పుస్తకం మొదటి పాఠం తీయడం. పిల్లలు ఎంత వెనకబడ్డారో అసర్ నివేదికలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. మొదటి అంకె కూడా గొప్పదేమీ కాదు. తెరిచిన మొదటి వారం సిలబస్ పక్కన పెట్టి, ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివించి, ఒక తీసివేత చేయించి, ఫోను నోటుబుక్కులో ఉన్నదానితో సరిచూడాలి. ఆపైన కనీసం రెండు నెలలు, రోజుకు రెండు గంటలు, తరగతి గోడలు తీసేసి ఆ మూడు మెట్ల ప్రకారమే కూర్చోబెట్టాలి.

ఇది వింటున్న తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ వారంలో ఒకరోజు మీ పిల్లల బడికి వెళ్లండి. మీ ఇప్పటి ఫోను నంబరు, పక్కింటివాళ్ల నంబరు, మీరు ఫోనుతో ఇంట్లో ఉండే వేళ, ఈ మూడూ రిజిస్టరులో రాయించండి. రాశాక, ఆ నంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వమని టీచరుగారిని అక్కడే అడగండి.